తొంభై తొమ్మిది రూపాయల పాస్: మా గోళీల ఆటకు ధరలు పెట్టిన నాలుగు నెలలు

మాది విజయనగరం. కంటోన్మెంట్‌లో ఇంట్లోనే ముందు గదిలో కూర్చుని పని చేస్తాను. మా గోళీల ఆట ప్లే స్టోర్‌లో ఏడాదిన్నరగా ఉంది. రోజుకు రెండు వేల మంది దాకా ఆడతారు. ప్రకటనల మీద వచ్చేది కరెంటు బిల్లుకి, ఇంటర్నెట్‌కి సరిపోయేది. బొమ్మలు వేసే నా స్నేహితుడు శ్రీకాకుళంలో ఉంటాడు. 2025 జూలైలో ఒకరోజు వాడు ఫోన్ చేసి, "ఇలా అయితే ఎన్నాళ్లురా, బ్యాటిల్ పాస్ పెట్టేద్దాం" అన్నాడు. అంటే, సీజన్‌లో ఆడే కొద్దీ లెవెళ్లు పెరుగుతాయి, డబ్బు కట్టి పాస్ కొన్నవాళ్లకి ఆ లెవెళ్ల బహుమతులు తెరుచుకుంటాయి. సరే అన్నాను. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 20 దాకా, అంటే 35 రోజుల సీజన్ అని ఆ ఫోన్లోనే అనుకున్నాం. మధ్యలో పైడితల్లి అమ్మవారి పండగ వస్తుంది, చివర్లో దీపావళి. చాలా బాగా కుదిరిందనుకున్నాం. దీపావళి రోజున సీజన్ ముగించడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

ముందు కూర్చున్నది ధర మీద కాదు, పాయింట్ల లెక్క మీద. యాభై లెవెళ్లు, లెవెల్‌కి వెయ్యి పాయింట్లు, మొత్తం యాభై వేలు. రోజుకు మూడు పనులు, ఒక్కో దానికి 300. వారానికి ఒక పెద్ద పని, దానికి 2,000. ఇవి కాక ఆడిన ప్రతి ఆటకూ 20. రోజూ వచ్చి అన్నీ పూర్తి చేస్తే 35 రోజుల్లో రోజువారీ పనుల మీద 31,500, ఐదు వారాల పనుల మీద 10,000 వస్తాయి. మిగిలిన 8,500 కోసం రోజుకు పదమూడు ఆటలు ఆడితే చాలు. ఒక్కో ఆట మూడు నిమిషాలే. కాగితం మీద చక్కగా ఉంది.

ఆగస్టు మొదటి వారంలో అనుమానం వచ్చి, అంతకు ముందు నెల లాగ్ తీసి చూశాను. రోజూ వచ్చేవాళ్లు కొద్దిమందే. వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే ఆటగాడు వారానికి నాలుగు రోజులే వస్తున్నాడు. వచ్చిన రోజున ఐదు ఆటలు ఆడి వెళ్లిపోతున్నాడు. మూడు పనులిస్తే రెండే చేస్తాడని అనుకున్నా, ఇరవై రోజులకి 12,000. ఐదు వారాల పనుల్లో మూడు చేస్తే 6,000. ఆటల మీద 2,000. కలిపితే ఇరవై వేలు. అంటే డబ్బు కట్టినవాడు యాభైలో ఇరవయ్యో లెవెల్ దగ్గర ఆగిపోతాడు. మిగిలిన ముప్ఫై బహుమతులూ తాళం వేసి కనిపిస్తూ ఉంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవయ్యో లెవెల్ దగ్గర ఆగిపోయిన మనిషి రెండో సీజన్‌కి మళ్లీ కొనడు. పైగా ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుని సగం సరుకు ఇవ్వడం నాకు నచ్చదు.

మొత్తం మార్చేశాను. నలభై లెవెళ్లు, లెవెల్‌కి 500. మొత్తం ఇరవై వేలు. వారానికి నాలుగు రోజులు వచ్చే మనిషి సరిగ్గా చివరికి చేరతాడు. వారం పనులకు గడువు తీసేశాను. మొదటి వారం పనిని ఐదో వారంలో చేసినా చెల్లుతుంది, కాబట్టి ఆలస్యంగా చేరినవాళ్లకి కూడా దారి ఉంటుంది. ఇలా చేస్తే రోజూ గంటసేపు ఆడేవాడు రెండు వారాల్లోనే అయిపోగొట్టేస్తాడు. వాళ్ల కోసం నలభై దాటాక ప్రతి వెయ్యి పాయింట్లకూ ఒక చిన్న పెట్టె పెట్టాం. అందులో కొన్ని రత్నాలుంటాయి, అంతే.

బహుమతులన్నీ అలంకారాలే. గోళీల రంగులు, నేల బొమ్మలు, గోళీ తగిలినప్పుడు వచ్చే చప్పుళ్లు. గురి పెంచేది, గెలిపించేది ఒక్కటి కూడా పెట్టలేదు. నా స్నేహితుడు ఇరవై నాలుగు బొమ్మలు వేశాడు. బొమ్మకి ఆరు వందల చొప్పున 14,400 రూపాయలు. "తర్వాత చూద్దాంలేరా" అన్నాడు కానీ ఊరుకోలేక ముందే ఇచ్చేశాను. నలభయ్యో లెవెల్ బహుమతిగా సిరిమాను బొమ్మ ఉన్న గోళీ వేశాడు. చాలా అందంగా వచ్చింది. మా అమ్మకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "అమ్మవారి సిరిమానుని గోళీ మీద పెట్టి వీధిలో దొర్లిస్తావేట్రా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. దాని బదులు గంటస్తంభం వేయించాను. దానికి ఇంకో ఆరు వందలు, నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వృథా అని నాకు అనిపించలేదు.

ఇక ధర. నా మనసులో 149 ఉంది. గంటస్తంభం దగ్గర మా వీధి మావయ్యకి ఫోన్ రీఛార్జ్ కొట్టు ఉంది. అక్కడ రెండు సాయంత్రాలు కూర్చున్నాను. స్కూలు, కాలేజీ పిల్లలు వచ్చి ఆటల కోసం రీడీమ్ కోడ్‌లు కొనుక్కుంటున్నారు. ఎక్కువ మంది అడిగింది వంద రూపాయల కోడ్. మావయ్యని అడిగితే, "వందిస్తారు బాబూ, వందకి కోడ్ పట్టుకెళ్తారు. నూటయాభై అన్నావంటే ఇంటికెళ్లి అడగాలి, మరి రారు" అన్నాడు. నాకు కావలసిన ముక్క అదే. 149 పెడితే వంద కోడ్‌తో కొనలేరు, రెండు కోడ్‌లు కొంటే యాభై మిగిలిపోతుంది. 99 పెడితే ఒక్క కోడ్‌తో పని అయిపోతుంది. పాస్ 99, దానితో పాటు పది లెవెళ్లు ముందే తెరిచి ఇచ్చే ప్లస్ పాస్ 199. వంద, రెండు వందలు అనే రెండు నోట్ల చుట్టూనే మెట్లు కట్టాను.

పాస్‌ని రత్నాలతో అమ్మాలా, నేరుగా డబ్బుతో అమ్మాలా అని నా స్నేహితుడితో రెండు రోజులు వాదన జరిగింది. చాలా ఆటల్లో రత్నాలతోనే అమ్ముతారు. పాస్ ధర 450 రత్నాలు అయితే, చిన్న మూట 400, తర్వాతది 1,000. ఎలా కొన్నా కొన్ని మిగిలిపోతాయి, ఆ మిగిలినవి చూసి మళ్లీ కొంటారు. వాడు అలాగే చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మావయ్య కొట్టు దగ్గర వంద నోటు పట్టుకుని నిలబడ్డ పిల్లాడికి పాస్ ఎంతో ఒక్క అంకెలో తెలియాలి. నేరుగా డబ్బుకే పెట్టాం.

ఆడిటర్ గారితో లెక్క వేయిస్తే, 99 రూపాయలు మన చేతికొచ్చేసరికి ఎంతవుతుందో తేలింది. మన దేశంలో చూపించే ధరలోనే 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉండాలి. 2025లో మనలాంటి చిన్నవాళ్ల దగ్గర ప్లే స్టోర్ తీసుకున్న వాటా 15 శాతం. ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా అంతే, కాకపోతే ప్లే కన్సోల్‌లో దానికి విడిగా నమోదు చేసుకోవాలి. రెండూ పోతే సుమారు డెబ్బై మిగులుతుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ అమ్మకం పన్నును మనం పెట్టిన ధర మీద విడిగా కలుపుతారు, కాబట్టి అప్పట్లో పోయేది 15 శాతమే.

ఆగస్టు 28న కన్సోల్‌లో ధర ఎక్కించాను. మన ఖాతా ఇండియాది కాబట్టి మొదటి గడి రూపాయల్లోనే ఉంటుంది. 99 కొట్టగానే మిగతా దేశాలన్నిటికీ ఆ రోజు మారకం రేటుతో గుణించి, ఆ దేశపు అలవాటు ప్రకారం చివరి అంకెలు సరిచేసి అదే నింపేసింది. అమెరికా గడిలో డాలరు మీద కొద్ది సెంట్లు కనిపించాయి. అలాగే వదిలేద్దామా అనిపించింది కూడా. కానీ 99 అనేది రేటు చూసి పెట్టిన ధర కాదు, గంటస్తంభం దగ్గర పిల్లాడి జేబు చూసి పెట్టిన ధర. టెక్సాస్‌లో ఆడేవాడి జేబుకీ దానికీ సంబంధం లేదు. అక్కడ నాలుగు డాలర్ల లోపు పాస్‌లు మామూలే. 3.99, 7.99 పెట్టాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మిగతా దేశాలకు కూడా ఆ డాలరు ధరనే పట్టుకుని మారకం రేటుతో నింపేశాను. ఇండియా ఒకటి, బయట అంతా ఒకటి అనుకున్నాను. బ్రెజిల్ గడిలో 21.90 రియాల్ అని పడింది. అప్పటికి అది మన డబ్బులో మూడు వందల అరవై దాకా. చూశాను, ముందుకు వెళ్లిపోయాను.

షార్జాలో ఉండే మా బావకి అక్కడి ధర ఎలా కనిపిస్తుందో చూడమన్నాను. "నాకు 99 రూపాయలే చూపిస్తోంది" అన్నాడు. నేను తప్పు చేశానేమో అని గంటసేపు కన్సోల్ తిరగేశాను. తప్పేమీ లేదు. బావ ఖాతా ఇక్కడ తెరిచింది, అందులో ఇప్పటికీ ఇండియాయే ఉంది. ధర మనిషి ఉన్న చోటును బట్టి కాదు, ఖాతాలో ఉన్న దేశాన్ని బట్టి వస్తుంది. దాన్ని మార్చుకునే వీలు కూడా ఏడాదికి ఒక్కసారే. మన జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు చాలామంది ఇలా రూపాయల ధరకే కొంటారని అప్పుడే తెలిసింది. వాళ్లు అలా కొనడం నాకు ఆనందమే. అమెరికా వాళ్లు తక్కువ ధర కోసం దేశం మార్చేస్తారనే భయం కూడా ఈ ఏడాదికొకసారి నిబంధనతో చాలావరకు తగ్గింది.

ప్రోడక్ట్ ఐడీ దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట దానికి ఉత్తి battle_pass అని పేరు పెట్టబోయాను. అలా పెడితే రెండో సీజన్‌లో పాత ఆటగాడు కొనబోయినప్పుడు ITEM_ALREADY_OWNED అని వస్తుంది, ఎందుకంటే మొదటి సీజన్‌ది వాడి దగ్గర ఉన్నట్టే లెక్క. కొన్నదాన్ని ఖర్చయినట్టు చూపించి మళ్లీ అమ్మొచ్చు. కానీ అప్పుడు ఎవరు కొన్నారో మన సర్వర్‌లో దాచుకోవాలి, మాకు సర్వర్ లేదు. అందుకే సీజన్‌కి ఒక ఐడీ: pass_s01, pass_s02. ఆటగాడు ఫోన్ మార్చినా స్టోర్‌ని అడిగితే ఏ సీజన్ కొన్నాడో అదే చెబుతుంది. ఒకసారి పెట్టిన ఐడీ మార్చలేం, తీసేసినా మళ్లీ వాడలేం. కాబట్టి ముందే ఆలోచించుకోవాలి.

పరీక్ష కార్డులతో కొని చూడటానికి ఒక వారం పట్టింది. సెప్టెంబరు 15 ఉదయం ఆరింటికి సీజన్ తెరిచాం. టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. ఎనిమిదింటికి మొదటి అమ్మకం, రాత్రికి ఇరవై ఆరు. అమ్మకి చెప్తే దేవుడి దగ్గర దీపం పెట్టింది.

మర్నాడు అమెరికా నుంచి ఒక్క నక్షత్రం పడింది. బోర్డు మీద ₹99 అని ఉంది, కట్టేచోట $3.99 అడుగుతున్నారు, ఇది మోసం అని రాశాడు. అతను రాసిందాంట్లో అబద్ధం లేదు. పాస్ బోర్డు బొమ్మలోనే 99 అని గీయించాం. ఇక్కడ పరీక్షించినన్నాళ్లూ రెండూ ఒకటే కాబట్టి మా కంట పడలేదు. బొమ్మలో అంకె తీసేసి, స్టోర్ పంపే ధరనే చూపించేలా మార్చాను.

```kotlin
val offer = productDetails.oneTimePurchaseOfferDetails
priceText.text = offer?.formattedPrice ?: ""
```

రెండు లైన్ల పని. అప్‌డేట్ బయటికి రావడానికి రెండు రోజులు. అతనికి క్షమాపణ చెప్పి జవాబు రాస్తే, వారం తర్వాత నాలుగు నక్షత్రాలకు మార్చాడు.

సెప్టెంబరు 29న దేశాలవారీ పట్టిక చూశాను. బ్రెజిల్ నుంచి రోజుకు నూట యాభై మంది ఆడుతున్నారు, కొన్నది సున్నా. బోర్డు తెరిచి చూసేవాళ్లు మాత్రం బాగానే ఉన్నారు. తెరుస్తున్నారు, ధర చూస్తున్నారు, మూసేస్తున్నారు. ఆట నచ్చకపోతే బోర్డు దాకా రారు, కాబట్టి తేడా ధరలోనే ఉంది. మర్నాడు 9.90 రియాల్‌కి దించాను. సీజన్ మధ్యలో ధర తగ్గించడం నాకు ఇష్టం లేదు, ముందు కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు. అక్కడ అప్పటికి ఎవరూ కొనలేదు కాబట్టి ధైర్యం చేశాను. సీజన్ ముగిసేలోపు పద్నాలుగు మంది కొన్నారు. ధరల్ని పోల్చి చూసే ప్రయోగం కన్సోల్‌లోనే ఉంది, దాన్ని కూడా తెరిచి చూశాను. కానీ రోజుకు ఐదారుగురు కొనే ఆటలో రెండు ధరల మధ్య తేడా నమ్మకంగా తేలాలంటే నెలలు పడుతుంది. మాలాంటివాళ్లకి ఇలా పట్టిక ముందు కూర్చుని చూసుకోవడమే దారి.

అక్టోబరు 7న సిరిమానోత్సవం. ఊరంతా రోడ్డు మీదే ఉంది, మేమూ ఉన్నాం. ఆ రోజు ఒక్క పాస్ కూడా అమ్ముడుపోలేదు.

చివరి వారంలో మాత్రం అమ్మకాలు మళ్లీ లేచాయి. మొదటి మూడు రోజులు, చివరి ఏడు రోజులు కలిపితేనే సగానికి పైగా. చివర్లో కొన్నవాళ్లు ముప్ఫయ్యో, ముప్ఫై ఐదో లెవెల్ దాకా ఉచితంగా వచ్చినవాళ్లు. అప్పుడు పాస్ కొంటే వెనక ఉన్నవన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. అంత దూరం వచ్చాక కొనేవాడికి అనుమానం ఉండదు, వాడికేం వస్తుందో కళ్ల ముందే ఉంటుంది. పాయింట్లు తగ్గించి అందరినీ చివరికి రానివ్వడం వల్లే ఇది జరిగిందని నా నమ్మకం.

అక్టోబరు 20, దీపావళి. సీజన్ అర్ధరాత్రి పన్నెండింటికి మూసేలా పెట్టాను. మన పన్నెండు అంటే బ్రెజిల్‌లో మధ్యాహ్నం మూడున్నర. ఆఖరి రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆడదామనుకున్నవాళ్లకి తలుపు మూసేసి ఉంది. ఇద్దరు రాశారు. మర్నాడు ఉదయం ఏడింటికి రాజాం నుంచి ఒక కుర్రాడి మెయిల్ వచ్చింది. "అన్నా రాత్రి తొమ్మిదికి కొన్నాను. నాన్న ఫోన్లో డబ్బులు కటయ్యాయి, గోళీలు రాలేదు. నాన్న తిడతన్నాడు. ఏటన్నా ఇది?"

యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగిపోయింది. స్టోర్ దాన్ని PENDING అని ఉంచి, అర్ధరాత్రి దాటాక పన్నెండు నలభైకి పూర్తయిందని చెప్పింది. అప్పటికి సీజన్ అయిపోయింది. నా కోడ్ సీజన్ లేదు కదా అని పాస్ ఇవ్వలేదు, కొనుగోలును అందినట్టు స్టోర్‌కి చెప్పనూ లేదు. అలా మూడు రోజుల్లో చెప్పకపోతే డబ్బు తనంతట తనే వెనక్కి వెళ్లిపోతుంది. వాడికి డబ్బు రావడం వరకు బాగానే ఉంది, కానీ వాడు ముప్ఫై ఎనిమిదో లెవెల్లో ఉన్నాడు. నెల రోజులు ఆడాడు. అప్‌డేట్ పంపి, అది బయటికి వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. అదృష్టం కొద్దీ సీజన్ ముగిసే సమయాన్ని కోడ్‌లో కాకుండా రిమోట్ కాన్ఫిగ్‌లో పెట్టాను. దాన్ని అక్టోబరు 27కి జరిపి, కుర్రాడిని ఆట మూసి తెరవమన్నాను. ఎనిమిది నిమిషాల తర్వాత స్క్రీన్‌షాట్ పంపాడు. ముప్ఫై ఎనిమిది గోళీ పెట్టెలు వరుసగా తెరుచుకుని ఉన్నాయి. దాని కింద, "నాన్నకి సూపించాను" అని రాశాడు. ఆ వారంలోనే వాడు గంటస్తంభం గోళీ కూడా తెచ్చుకున్నాడు.

నవంబరులో రెండో విడత డబ్బు పడ్డాక కూర్చుని లెక్క చూశాం. ఇండియాలో 171 మంది, అందులో 21 మంది 199ది కొన్నారు. మొత్తం 19,029 రూపాయలు. అమెరికాలో 19 మందే, కానీ వాళ్లది దాదాపు 84 డాలర్లు, అంటే ఏడు వేల పైచిలుకు. కోతలన్నీ పోయాక చూస్తే, ఆ పంతొమ్మిది మంది ఇచ్చింది ఇక్కడి నూట డెబ్బై ఒక్కమంది ఇచ్చినదాంట్లో సగానికి దగ్గరగా ఉంది. కన్సోల్ నింపిన డాలరు ధరనే వదిలేసి ఉంటే అది రెండు వేలు దాటేది కాదు. బొమ్మలకి పెట్టిన పదిహేను వేలు పోగా మిగిలింది పెద్ద మొత్తం కాదు. అయినా ఏడాదిన్నరలో ఆట తన ఖర్చు తాను తెచ్చుకుని ఇంకొంచెం మిగిల్చింది ఇదే మొదటిసారి.

నవంబరు 10న రెండో సీజన్ తెరిచాం. ఇండియాలో 99, 199 అలాగే ఉన్నాయి. అమెరికా, బ్రెజిల్, ఎమిరేట్స్, ఇండోనేషియాలకు ఒక్కో గడి నేనే చేత్తో నింపాను. మిగతా దేశాల్లో మా ఆటగాళ్లు పదుల్లోనే ఉన్నారు కాబట్టి వాటిని కన్సోల్‌కే వదిలేశాను. సీజన్ డిసెంబరు 15 ఉదయం ఎనిమిదిన్నరకు మూసేలా పెట్టాం. అప్పటికి బ్రెజిల్‌లో అర్ధరాత్రి, న్యూయార్క్‌లో రాత్రి పది. మూశాక కూడా ఏడు రోజుల పాటు బహుమతులు తీసుకోవచ్చు, మధ్యలో ఆగిన చెల్లింపులు ఆ లోపు పూర్తయితే పాస్ అందుతుంది. ఈసారి చివరి గోళీ మీద బొబ్బిలి వీణ ఉంది. వేయించే ముందే అమ్మని అడిగాను.